హింజ్ దగ్గరి బలం బీమ్ వెంటే ఎందుకు ఉండదు? మూడు బలాల వస్తువులో తెలియని దిశను పట్టుకోవడం

ప్రశ్న: 4 మీటర్ల అడ్డ బీమ్. ఎడమ చివర A గోడకు హింజ్‌తో ఉంది. కుడి చివర B నుంచి గోడ మీద, A కి సరిగ్గా 3 మీటర్ల పైన ఉన్న C కి తాడు కట్టారు. బీమ్ బరువు 200 న్యూటన్లు, అది అంతటా ఒకేలా ఉంది. A నుంచి 3.5 మీటర్ల దగ్గర 400 న్యూటన్ల బరువు వేలాడుతోంది. హింజ్ బలం బీమ్ వెంటే ఉంటుందనుకుని చేస్తే తాడులో తన్యత 1000 న్యూటన్లు వచ్చింది. పుస్తకంలో 750 అని ఉంది. మూడు బలాలు ఒక బిందువులో కలవాలని మాస్టారు చెప్పారు, కానీ ఇక్కడ నాలుగు ఉన్నాయి కదా? హింజ్ దిశ ఎలా తెలుస్తుంది?

సమాధానం:

మీ 1000 లెక్క తప్పి వచ్చిన అంకె కాదు, అది వేరే బీమ్‌కు సరైన జవాబు. హింజ్ బలం పూర్తిగా అడ్డంగా ఉందనుకుంటే 600 న్యూటన్ల బరువంతా తాడు నిలువు అంశం ఒక్కటే మోయాలి. తాడు, బీమ్, గోడ కలిసి 3-4-5 త్రిభుజం కాబట్టి తన్యతలో నిలువు అంశం 0.6 వంతు. 600 ని 0.6 తో భాగిస్తే 1000. అడ్డంగా 800, హింజ్ కూడా 800 తోసిందనుకుంటే బలాలు అన్నీ సరిపోయాయి. అందుకే తప్పు కంటికి కనబడలేదు.

ఇప్పుడు A చుట్టూ భ్రామకాలు చూడండి. తాడు నిలువు అంశం 600, దూరం 4 మీటర్లు, అంటే 2400 న్యూటన్ మీటర్లు బీమ్‌ను పైకి తిప్పుతాయి. బరువులు కిందికి తిప్పేది 200×2 + 400×3.5, అంటే 1800 మాత్రమే. మిగిలిన 600 న్యూటన్ మీటర్లను ఆపేది ఏదీ లేదు. బలాల మొత్తం సున్నా అయినా బీమ్ పైకి తిరగాల్సి వస్తుంది.

హింజ్ బలం బీమ్ వెంట ఉంటుందన్న నమ్మకం రెండు బలాల సభ్యాల నుంచి వస్తుంది. ఒక కడ్డీ మీద బలాలు రెండు చోట్ల మాత్రమే, అంటే దాని రెండు చివర్ల దగ్గరే పనిచేస్తే, ఆ రెండూ ఆ చివర్లను కలిపే గీత మీదే ఉండాలి. మీ లెక్కలో తాడు అలాంటిది, ట్రస్ సభ్యాలు అలాంటివి. మీ బీమ్ కాదు, ఎందుకంటే మధ్యలో బరువులు పడుతున్నాయి. బీమ్ తన పొడవును బట్టి హింజ్ దిశను నిర్ణయించదు. హింజ్ ఎటు కావాలంటే అటు తోయగలదు, ఎటు తోయాలో మిగతా బలాలే చెబుతాయి.

అవి చెప్పే తీరు ఇది. ఒక వస్తువు మీద ఒకే తలంలో మూడు బలాలే ఉన్నాయనుకోండి, వాటిలో రెండింటి క్రియారేఖలు O అనే బిందువులో ఖండించుకుంటున్నాయనుకోండి. O చుట్టూ భ్రామకాలు తీస్తే ఆ రెండు బలాల భ్రామకం సున్నా, ఎందుకంటే వాటి రేఖలు O గుండానే పోతున్నాయి. వస్తువు సమతాస్థితిలో ఉంటే మొత్తం భ్రామకం సున్నా. కాబట్టి మూడో బలం భ్రామకం కూడా O చుట్టూ సున్నా కావాలి. ఆ బలం సున్నా కాదు కాబట్టి దాని రేఖ O గుండా పోవడం తప్ప దారి లేదు. అనుషక్తత అని పేరు పెట్టినా, లోపల ఉన్నది ఒకే ఒక్క భ్రామక సమీకరణం. తెలివైన చోట కేంద్రం పెట్టుకున్నందువల్ల అది గీతగా మారింది, అంతే. భ్రామకాలతో ఈ లెక్క చేయలేమా అంటే భేషుగ్గా చేయొచ్చు. కానీ బొమ్మ గీసిన వాడికి దిశ ముందే కనబడుతుంది, గుర్తుల తప్పు వెంటనే దొరుకుతుంది.

నాలుగు బలాల సంగతికి వద్దాం. పరిమాణమూ చోటూ రెండూ తెలిసిన బలాలను ముందే ఒకటిగా కలిపేయాలి. 200, 400 రెండూ నిలువు, రెండూ తెలిసినవే. ఫలిత బలం 600. దాని చోటు A నుంచి 1800 ని 600 తో భాగిస్తే వచ్చేది, అంటే 3 మీటర్లు. ఇప్పుడు బీమ్ మీద ఉన్నవి మూడే: 3 మీటర్ల దగ్గర కిందికి 600, B దగ్గర తాడు తన్యత, A దగ్గర హింజ్ ప్రతిచర్య. ఒక్క జాగ్రత్త: ఈ కలపడం ఆధారాల దగ్గరి బలాల కోసం మాత్రమే. బీమ్ లోపల వంపు భ్రామకం కావాలంటే మళ్లీ 200 ని పొడవంతా పరచి, 400 ని దాని చోట పెట్టాల్సిందే. కలిపిన 600 తో లోపలి లెక్క చేస్తే తప్పు వస్తుంది.

ఇప్పుడు O ఎక్కడ? A ని మూలబిందువు చేసుకోండి, కుడివైపు x, పైకి y. తాడు (4, 0) నుంచి (0, 3) కి పోతోంది. గోడ నుంచి కుడికి ప్రతి మీటరుకూ 0.75 మీటరు దిగుతుంది. బరువు రేఖ x = 3 దగ్గర నిలువుగా ఉంది. అక్కడ తాడు ఎత్తు:

```
y = 3 - 0.75 × 3 = 0.75
O = (3, 0.75)
tan θ = 0.75 / 3 = 0.25
θ ≈ 14°
```

హింజ్ ప్రతిచర్య A నుంచి O గుండా పోవాలి. అది బీమ్ కంటే 14 డిగ్రీలు పైకి వాలి ఉంది. దిశ వచ్చేసింది, ఇంకా ఒక్క బలం పరిమాణం కూడా లెక్కించలేదు.

ఇక పరిమాణాలు. తాడు తన్యత T, హింజ్ బలం R, దాని అడ్డ అంశం Rx, నిలువు అంశం Ry అనుకోండి. నిలువు అంశం అడ్డ అంశంలో నాలుగో వంతు అని తెలిసింది కాబట్టి మిగిలింది కొన్ని వరుసలే:

```
Rx = 0.8 T
Ry = Rx / 4 = 0.2 T
0.6 T + 0.2 T = 600
T = 750 N
Rx = 600 N, Ry = 150 N
R = √(600² + 150²) ≈ 618 N
```

సరిచూసుకోవడానికి ఇంతవరకు వాడని బిందువు తీసుకోండి. B చుట్టూ తన్యతకు భ్రామకం లేదు. హింజ్ నిలువు అంశం 150, దూరం 4, అంటే 600. కలిపిన బరువు 600, B నుంచి దూరం 1 మీటరు, అంటే మళ్లీ 600. ఎదురెదురు దిశల్లో సరిపోయాయి. A చుట్టూ సరిచూడడం కంటే ఇది మేలు, ఎందుకంటే A చుట్టూ భ్రామకం తీస్తే హింజ్ బలం అసలు లెక్కలోకే రాదు. దాని దిశలో పొరపాటు చేసి ఉంటే అక్కడ బయటపడదు.

గీసి చేయాలనుకుంటే ఒక మీటరుకు 4 సెంటీమీటర్లు తీసుకుంటే కాగితంలో బాగా ఇముడుతుంది. O అప్పుడు A నుంచి 12 సెంటీమీటర్లు కుడికి, 3 సెంటీమీటర్లు పైకి పడుతుంది. O ఒక్క మిల్లీమీటరు పైకి జారినా కోణంలో దాదాపు అర డిగ్రీ తేడా వస్తుంది. అందుకే కోణమానిని పెట్టి చదవకుండా నిలువు, అడ్డం కొలిచి భాగించండి. తర్వాత పక్కన బలాల త్రిభుజం గీయండి: 100 న్యూటన్లకు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి 6 సెంటీమీటర్లు బరువు. దాని కింది కొస నుంచి తాడుకు సమాంతరంగా ఎడమకు పైకి ఒక గీత, పై కొస నుంచి AO కు సమాంతరంగా ఎడమకు కిందికి ఇంకో గీత. అవి కలిసే చోట త్రిభుజం మూసుకుంటుంది. తాడు భుజం 7.5, హింజ్ భుజం దాదాపు 6.2 సెంటీమీటర్లు వస్తాయి. చాలామంది O ఉన్న బొమ్మ మీదే పొడవులు కొలిచి బలాలంటారు. మొదటి బొమ్మలో ఉన్నవి మీటర్లు, రెండో దానిలో ఉన్నవి న్యూటన్లు. రెండు బొమ్మలూ విడిగానే ఉంచండి.

ఇప్పుడు మీ 1000 ఏ బీమ్‌దో చూద్దాం. ఫలిత బరువును కుడికి జరుపుతూ పోండి. O తాడు మీదుగా B వైపు దిగుతుంది, హింజ్ బలం వాలు తగ్గుతూ వస్తుంది. బరువంతా సరిగ్గా B దగ్గరే ఉంటే O, B ఒకటే అవుతాయి, హింజ్ రేఖ బీమ్ వెంటే పడుతుంది, తన్యత 1000 అవుతుంది. అంటే హింజ్ బలం బీమ్ వెంట ఉందనుకున్నప్పుడు బరువంతా చివర వేలాడదీసినట్టే లెక్క. బరువును ఎడమకు జరిపితే O పైకెక్కి C వైపు పోతుంది. హింజ్ మరింత నిలువుగా తోస్తుంది, తాడు వదులవుతుంది. పేపరు మీద ఏమీ రాయకుండా ఇంత చెప్పగలగడమే ఈ పద్ధతిలో రుచి.

అనుషక్తత చెప్పేది రేఖను మాత్రమే, ఆ రేఖ మీద బాణం ఎటు ఉందో చెప్పదు. చాలామంది జారేది ఇక్కడే. ఇదే బీమ్‌లో తాడును B నుంచి తీసి మధ్యలో, A నుంచి 2 మీటర్ల దగ్గర కట్టారనుకోండి. తాడు వాలు మారకుండా ఉండాలంటే గోడ మీద కొక్కెం 1.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. బరువులు అక్కడే ఉన్నాయి, ఫలిత బరువు x = 3 దగ్గరే. కానీ x = 3 దగ్గర తాడు లేదు, అది x = 2 కే ఆగిపోయింది. అంతటితో రేఖలు కలవవని కొందరు లెక్క వదిలేస్తారు. కలవాల్సింది తాడు కాదు, తాడు క్రియారేఖ. దాన్ని బీమ్ దాటించి కిందికి పొడిగించండి:

```
y = 1.5 - 0.75 × 3 = -0.75
O = (3, -0.75)
```

O బీమ్ కింద, గాలిలో పడింది. దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, O వస్తువు మీద ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. హింజ్ రేఖ A నుంచి కుడికి కిందికి వాలి ఉంది. తన్యత భ్రామకం 0.6 × T × 2 = 1800, అంటే T = 1500. నిలువుగా తాడు 900 ఎత్తుతోంది, బరువు 600 మాత్రమే, కాబట్టి హింజ్ బీమ్‌ను 300 తో కిందికి నొక్కాలి. అడ్డంగా తాడు 1200 తో గోడవైపు లాగుతోంది, హింజ్ అంతే కుడికి తోయాలి. బాణం కుడికి, కిందికి. హింజ్ ఎప్పుడూ పైకే మోస్తుందని అలవాటుగా గీసిన వాళ్లకు ఇక్కడ గుర్తు తారుమారవుతుంది. బలాల త్రిభుజంలో బాణాలు ఒకదాని తోకను ఒకటి పట్టుకుని చుట్టూ తిరగాలి. బరువు బాణం కిందికి అని తెలుసు, అక్కడి నుంచి మొదలుపెడితే మిగతా రెండూ వాటంతట అవే తేలుతాయి. నిజమైన కట్టడంలో దీని అర్థం ఏమిటంటే, ఆ హింజ్ పిన్ పైకి లేచిపోకుండా కూడా పట్టుకోవాలి. బీమ్‌ను అడుగున ఆన్చి వదిలేసే ఆధారం ఈ పనికి చాలదు.

ఈ పద్ధతి పనిచేయని చోట్లు కొన్ని ఉన్నాయి, ముందే గుర్తుపట్టాలి. గోడలోకి బిగించిన లేదా వెల్డింగ్ చేసిన ఆధారం బలంతో పాటు ఒక బలయుగ్మాన్నీ ఇవ్వగలదు. అప్పుడు మూడు బలాలు లెక్కకు కనబడ్డా ఒక బిందువులో కలవనక్కర్లేదు, పైన చెప్పిన భ్రామక వాదనలో నాలుగోది ఒకటి దూరింది కాబట్టి. హింజ్ స్వేచ్ఛగా తిరగగలదా లేదా అన్నదే ప్రశ్న. తుప్పు పట్టి బిగుసుకున్న పిన్ కూడా కొంత యుగ్మం ఇస్తుంది.

రెండోది సమాంతర బలాలు. తాడు నిటారుగా పైకి ఉంటే బరువుతో ఎప్పుడూ ఖండించుకోదు. అప్పుడు హింజ్ బలం కూడా నిలువే, లేకపోతే అడ్డంగా బలాలు సరిపోవు. దిశ అలా తెలుస్తుంది, పరిమాణాలు భ్రామకాలతో తేల్చుకోవాలి. తాడు దాదాపు నిలువుగా ఉన్నప్పుడూ గీత పద్ధతి వదిలేయడమే మంచిది. O ఎక్కడో కాగితం బయట పడుతుంది, చిన్న కోణం తప్పు O ని చాలా దూరం జరిపేస్తుంది.

మూడోది, తాడు రేఖ A గుండానే పోతే. అప్పుడు బరువు A కి పక్కన ఎక్కడున్నా దాని భ్రామకాన్ని ఆపే బలం లేదు, సమతాస్థితే ఉండదు. బొమ్మలో O వచ్చి హింజ్ మీదే పడితే మాత్రం, అంటే బరువు రేఖా తాడు రేఖా A దగ్గరే కలిస్తే, హింజ్ దిశ గురించి అనుషక్తత ఏమీ చెప్పదు. A గుండా పోయే రేఖలన్నీ O గుండానే పోతాయి కదా.

కప్పీ ఉన్న లెక్కల్లో లెక్కపెట్టే చోటే తప్పుతారు. బీమ్‌కు బిగించిన కప్పీ మీదుగా తాడు పోతుంటే, కప్పీని కలిపి ఒకే వస్తువుగా తీసుకున్నప్పుడు కప్పీకి ఇరువైపులా ఉన్న తాడు భాగాలు రెండు వేరు బలాలు. రెండింటి తన్యత సమానమైతే వాటి ఫలిత బలం ఆ రెండు రేఖలు కలిసే బిందువు గుండా, వాటి మధ్య కోణాన్ని సమద్విఖండన చేస్తూ పోతుంది. ఆ ఫలితాన్ని ఒక్క రేఖగా గీసుకుంటే మళ్లీ మూడుకు వస్తారు. ముందు ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీసి, దాన్ని దాటి బయటికి పోయే ప్రతి తాడునూ లెక్కపెట్టాక మాత్రమే O కోసం వెతకండి.

ఇదే ఆలోచన దిశే జవాబైన చోట ఇంకా బాగా పనికొస్తుంది. నిచ్చెన తీసుకోండి: 5 మీటర్ల పొడవు, పాదం గోడకు 3 మీటర్ల దూరం, పై కొన 4 మీటర్ల ఎత్తు. గోడ నునుపు, నేల గరుకు. గోడ ప్రతిచర్య అడ్డంగానే ఉండాలి, ఎత్తు 4 మీటర్లు. నిచ్చెన బరువు రేఖ పాదం నుంచి 1.5 మీటర్ల దగ్గర నిలువుగా. రెండూ కలిసే O పాదం నుంచి 1.5 మీటర్లు గోడవైపు, 4 మీటర్లు పైకి. నేల ఇచ్చే మొత్తం బలం, అంటే అభిలంబ బలమూ ఘర్షణా కలిసినది, పాదం నుంచి O కి పోవాలి. నిలువు నుంచి దాని వాలు 1.5 / 4 = 0.375. నిచ్చెన జారకూడదంటే ఘర్షణ గుణకం కనీసం అంత ఉండాలి. ఇందులో నిచ్చెన బరువు ఎంతో ఎక్కడా అవసరం పడలేదు.

200 న్యూటన్ల నిచ్చెన మీద 600 న్యూటన్ల మనిషి పై కొన వరకు ఎక్కితే ఫలిత బరువు పాదం నుంచి (200×1.5 + 600×3) / 800, అంటే 2.625 మీటర్లకు జరుగుతుంది. కావలసిన వాలు 2.625 / 4, దాదాపు 0.66 అవుతుంది. పాదం దగ్గర నిలబడ్డప్పుడు గట్టిగా ఉన్న నిచ్చెన పైకెక్కుతున్న కొద్దీ ఎందుకు జారుతుందో బొమ్మలో O గోడవైపు జరగడమే చూపిస్తుంది.

గోడ కూడా గరుకైతే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు గోడ బలం దిశ కూడా తెలియదు. తెలియని దిశలు రెండు అయ్యాయి, O బరువు రేఖ మీద ఎక్కడైనా ఉండొచ్చు. రెండు చోట్లా ఘర్షణ పరిమితిని దాటని ప్రతి O ఒక సాధ్యమైన సమతాస్థితే. వాటిలో ఏది నిజమో ఈ సమీకరణాలు తేల్చలేవు, నిచ్చెన ఎంత వంగుతుంది, ఎలా ఆనించి పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్కను పుస్తకాల్లో నిచ్చెన జారబోయే క్షణానికే అడిగేది అందుకే. ఆ క్షణంలో రెండు చోట్లా ఘర్షణ పరిమితిని చేరుతుంది, రెండు కోణాలూ తెలిసిపోతాయి, పాదం నుంచీ కొన నుంచీ గీసిన రేఖలు ఎక్కడ కలుస్తాయో అదే O. బరువు రేఖ ఆ O గుండా పోయేంత ఎత్తే మనిషి ఎక్కగలిగిన హద్దు.